శాంక్షన్ ఇమ్మని అడగలేదు, మళ్లీ చూడమని అడిగినం

ఏసీబీకి పట్టించిన ఇంజినీరు ఏడాదిన్నర తిరగక ముందే ఇంకో డివిజన్‌లో అదే హోదాలో కుర్చీలో కూర్చున్నాడని విన్నప్పుడు నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. పట్టుబడ్డ రోజు టీవీల్లో చూపించారు, పేపర్లలో రాశారు. మా ఊళ్లో వాళ్లంతా కేసు అయిపోయినట్టే అనుకున్నారు. నిజానికి అప్పటికి కేసు కోర్టు గడప కూడా ఎక్కలేదు. ఎక్కకపోవడానికి కారణం శాంక్షన్. సర్కారు ఉద్యోగిని లంచం కేసులో కోర్టుకు ఈడ్వాలంటే, ఆయన్ను కొలువులోంచి తీసేసే అధికారం ఎవరికుందో వాళ్లు ముందుగా అనుమతి ఇవ్వాలి. అది లేనిదే ఏ కోర్టూ ఆ కేసును విచారణకు స్వీకరించకూడదని అవినీతి నిరోధక చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. ఈ అనుమతి దగ్గర నా కేసు ఎలా ఆగింది, హైకోర్టు దాకా పోయి ఎలా కదిలిందీ రాస్తున్నాను. ఫిర్యాదు చేసినవాళ్లకు ఈ సంగతి ముందుగా చెప్పేవాళ్లు తక్కువ.

నేను హన్మకొండ జిల్లాలో చిన్న సివిల్ కాంట్రాక్టర్ను. 2019లో, మా జిల్లా ఇంకా వరంగల్ అర్బన్‌గా ఉన్నప్పుడు, పరకాల వైపు ఒక ఊళ్లో సీసీ డ్రెయిన్ పని చేశాను. ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు, కొలతలు తీసి ఎంబీ అనే కొలతల పుస్తకంలో రాశాడు. ఆయన పై ఇంజినీరు డీఈ ఆ కొలతలు సరిచూసి చెక్ మెజర్‌మెంట్ కూడా చేశాడు. ఇక బిల్లు మీద సంతకం పెట్టి తన పై ఇంజినీరు ఈఈకి పంపడమే మిగిలింది. దానికి డీఈ ఇరవై వేలు అడిగాడు. నేను ఏసీబీకి పోయాను. ట్రాప్ ఎలా ఉంటుందో చాలామందికి తెలుసు కాబట్టి రెండు మాటల్లో చెబుతాను. నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు. ఆ నోట్లు పట్టుకున్న చేతుల్ని సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ట్రాప్‌కు ముందు ఒకటి, తర్వాత ఒకటి, సాక్షులుగా పిలిచిన ఇద్దరు మధ్యవర్తుల సమక్షంలో నివేదికలు రాస్తారు. ఈ రెండో నివేదికను గుర్తు పెట్టుకోండి. నా కేసును నిలబెట్టింది అదే. నా బిల్లు డీఈ టేబుల్ సొరుగులో దొరికిందని, దాని మీద ఈఈకి పంపుతున్నట్టు సంతకం లేదని అందులో ఒక వాక్యం ఉంది. ఆ రోజు ఎవరూ ఆ వాక్యాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

దర్యాప్తు అయ్యాక ఏసీబీ తుది నివేదిక, ఇలాంటి కేసుల్లో ప్రభుత్వానికి సలహా ఇచ్చే విజిలెన్స్ కమిషన్ మీదుగా ప్రభుత్వానికి పోయింది. డీఈ గెజిటెడ్ అధికారి. ఆయన్ను తీసేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిదే కాబట్టి శాంక్షన్ ఇవ్వాల్సిందీ ప్రభుత్వమే. అంటే ఆయన సొంత శాఖ ముఖ్య కార్యదర్శి బల్ల మీదికి ఫైలు చేరింది. 2018లో చట్టాన్ని సవరించినప్పుడు దీనికి మూడు నెలల గడువు పెట్టారు. న్యాయ సలహా అవసరమైతే, కారణాలు రాసి, ఇంకో నెల తీసుకోవచ్చు. మా ఫైలు ఆ నాలుగు నెలలూ దాటింది, ఇంకా చాలా దాటింది. ఏసీబీ ఇన్‌స్పెక్టర్‌ను అడిగితే "ఫైలు మీదున్నది అన్నా, మా చేతుల లేదు" అనేవాడు. ఆ మాట నిజమే. ఛార్జిషీటుకు కావలసిన కాగితాలన్నీ వాళ్ల దగ్గర సిద్ధంగా ఉన్నాయి.

చివరికి 2021లో జవాబు వచ్చింది. ప్రాసిక్యూషన్‌కు అనుమతి నిరాకరించారు. శాఖాపరమైన విచారణ చాలన్నారు. ఆ వెంటనే సస్పెన్షన్ ఎత్తేసి పోస్టింగ్ ఇచ్చారు. నాకు ఎవరూ కబురు పెట్టలేదు. ఫిర్యాదుదారుకు ఆ ఉత్తర్వు కాపీ పంపే ఆనవాయితీ లేదట. సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే దర్యాప్తుకు ఆటంకమని మొదట తిప్పి పంపారు. దర్యాప్తు పూర్తయింది, నిర్ణయం కూడా అయిపోయింది, ఇంక దేనికి ఆటంకమని మొదటి అప్పీలులో అడిగాక కాపీ చేతికొచ్చింది.

ఆ ఉత్తర్వు రెండు పేజీలు. అందులో మూడు కారణాలు రాశారు. ఫిర్యాదుకు ముందే చెక్ మెజర్‌మెంట్ అయిపోయింది కాబట్టి ఆ తేదీకి డీఈ దగ్గర ఏ పనీ పెండింగ్‌లో లేదన్నది మొదటిది. ఆ ఇరవై వేలు నాకు గతంలో ఇచ్చిన చేబదులు తిరిగి తీసుకున్నదని ఆ అధికారి చెప్పుకున్నది రెండోది. ఆయన సర్వీసు రికార్డులో మచ్చ లేదన్నది మూడోది. చదివితే ఒళ్లు మండింది. ఆ మనిషి దగ్గర నేను చేబదులు తీసుకోవడమేంటి?

నాకు అర్థం కానిది ఒకటుంది. ఏసీబీ వాళ్లు అదే ఫైలు మళ్లీ పంపి, ఈసారి సరిగా చూడండని ఎందుకు అడగరు? దీనికి జవాబు చెప్పింది మా మేడం. ఆమె హన్మకొండ మనిషే, హైకోర్టులో ప్రాక్టీసు చేస్తుంది. నాకంటే చిన్నది, నన్ను అన్నా అంటుంది. "అవే కాగితాలు చూసి వద్దన్న తర్వాత, అవే కాగితాలు చూసి సరే అనొద్దు అన్నా" అంది. హిమాచల్‌ప్రదేశ్‌లో నిశాంత్ సరీన్ అనే డ్రగ్ ఇన్‌స్పెక్టర్ కేసులో సరిగ్గా ఇదే జరిగిందట. ముందు అనుమతి నిరాకరించారు. తర్వాత విజిలెన్స్ వాళ్లు మళ్లీ కదిపితే ఇచ్చారు. ఆ రెండో ఉత్తర్వు చెల్లదని హైకోర్టు కొట్టేస్తే, 2010లో సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. కొత్త ఆధారం ఏదైనా దొరికితే తప్ప మొదటి నిర్ణయాన్ని తిరగతోడకూడదన్నది. లేకుంటే సర్కారు మారినప్పుడల్లా, అధికారి మారినప్పుడల్లా నిర్ణయం మారుతూ పోతుందని అక్కడి ఆలోచన. అది ఉద్యోగికి రక్షణ. కాదనను. కానీ నాలాంటివాడికి దాని అర్థం ఏమిటంటే, ఆ నిరాకరణ ఉత్తర్వు బతికి ఉన్నంత కాలం ఏసీబీ చేతులు కట్టేసినట్టే. దాన్ని కోర్టే తొలగించాలి.

దాంతో 2021 చివర్లో ఆ ఉత్తర్వును ప్రశ్నిస్తూ హైకోర్టులో రిట్ పిటిషన్ వేశాం. వేసే ముందు మేడంతో నాకు వాదన అయింది. దాని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం అక్కడే జరిగింది.

పిటిషన్ చివర్లో కోర్టును ఏం కోరుతున్నామో రాసే భాగాన్ని ప్రేయర్ అంటారు. అక్కడ ఆమె రెండే కోరింది: ఈ ఉత్తర్వు రద్దు చేయండి, మొత్తం కాగితాలు చూసి మళ్లీ నిర్ణయం తీసుకొమ్మని చెప్పండి. నేను ఊరుకోలేదు. "మళ్లీ వాళ్ల చేతికే పోతే మళ్లీ గదే రాస్తరు కదా మేడం. శాంక్షన్ ఇయ్యుమని సక్కగ ఆర్డర్ అడుగుదాం" అన్నాను.

"గట్ల అడగ అన్నా. జడ్జి గారు తనంతట తానే ఇస్తానన్నా వద్దంట" అంది. ఇలా అని, గుజరాత్‌కు చెందిన మన్సుఖ్‌లాల్ విఠల్‌దాస్ చౌహాన్ కేసు చెప్పింది. ఆయన సర్కారు అకౌంటెంటు. శాంక్షన్ రాకపోతే ఫిర్యాదుదారు హైకోర్టుకు పోయాడు. అనుమతి ఇవ్వాలని హైకోర్టు కార్యదర్శిని ఆదేశించింది. కార్యదర్శి ఇచ్చాడు. కేసు నడిచింది, శిక్ష కూడా పడింది. ఆ తర్వాత 1997లో సుప్రీంకోర్టు ఆ శిక్ష మొత్తాన్నీ కొట్టేసింది. అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది ఆ అధికారి సొంతంగా ఆలోచించి తేల్చుకోవాల్సింది. హైకోర్టు ఇవ్వమన్నాక ఆయనకు ఆలోచించే వీలే లేకుండా పోయింది. అలాంటి అనుమతి అనుమతే కాదన్నది. అప్పటికి చాలా ఏళ్లు గడిచిపోయాయని, మళ్లీ కొత్తగా అనుమతి తీసుకుని కేసు పెట్టడానికి కూడా వీలివ్వలేదు. ఆ ఫిర్యాదుదారు హైకోర్టులో గెలిచిన ఉత్తర్వే చివరికి నిందితుడికి పనికొచ్చింది.

అది విన్నాక నేను ఇంక మాట్లాడలేదు. కోర్టు ఈ వ్యవహారంలో అప్పీలు విన్నట్టు వినదు. నిర్ణయం తప్పా ఒప్పా అని తూచదు, ఆ నిర్ణయానికి వచ్చిన దారి సరైనదా కాదా అని చూస్తుంది. అధికారం ఉన్నవాడే సంతకం పెట్టాడా, చూడాల్సిన కాగితాలన్నీ చూశాడా, చూడకూడనివి చూశాడా, రాసిన కారణాలకూ ఫైల్లో ఉన్నదానికీ పొంతన ఉందా, అంతవరకే. మన వాదనంతా ఆ హద్దులోనే ఉండాలని మేడం పట్టు. అందుకే డీఈ లంచగొండి అని పిటిషన్‌లో ఒక్కచోట కూడా రాయలేదు. ఉత్తర్వులో లేనివాటి గురించే రాసింది. రెండో మధ్యవర్తుల నివేదిక గురించి ఉత్తర్వులో ఒక్క మాట లేదు. ఫోరెన్సిక్ ల్యాబ్ రిపోర్టు ప్రస్తావన లేదు. నాకూ డీఈకీ జరిగిన ఫోన్ మాటల రికార్డింగు రాతప్రతి ఊసు లేదు. ఇక ఉన్న మూడు కారణాల్లో చేబదులు సంగతి విచారణలో నిందితుడు రుజువు చేసుకోవాల్సిన విషయం. డబ్బు తీసుకున్నట్టు తేలితే అది లంచంగానే కోర్టు ముందు భావించాలని అదే చట్టం 20వ సెక్షన్ చెబుతుంది. శాంక్షన్ ఇచ్చే అధికారి చూడాల్సింది పైచూపుకు కేసు ఉందా లేదా అన్నంతవరకే. ఆయన చేబదులు కథ నమ్మి నిర్దోషి అని తేల్చేస్తే విచారణ కోర్టు పని తానే చేసినట్టు. మంచి సర్వీసు రికార్డు అయితే ఈ ప్రశ్నకు సంబంధమే లేనిది.

ప్రభుత్వం తరఫు న్యాయవాది జవాబుగా వేసిన కౌంటర్‌లో మొదటి అభ్యంతరమే నా మీద పెట్టాడు. నేను కేసులో సాక్షిని మాత్రమేనని, శాంక్షన్ ప్రభుత్వానికీ ఏసీబీకీ మధ్య విషయమని, దాన్ని ప్రశ్నించే హక్కు నాకు లేదని. మా రిట్ పెండింగ్‌లో ఉండగానే 2022 అక్టోబరులో విజయ్ రాజ్‌మోహన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆ తీర్పులో రెండు మాటలు మాకు సంబంధించినవి. నాలుగు నెలల గడువు తప్పనిసరి. గడువు దాటితే, అది ఫిర్యాదుదారైనా నిందితుడైనా బాధితుడైనా, రిట్ కోర్టుకు పోవచ్చు. మేడం ఆ పేరా చదివి వినిపించాక నా హక్కు గురించిన వాదన మళ్లీ రాలేదు. అదే తీర్పులో ఇంకొకటి కూడా ఉంది, మనవాళ్లు సగం చదివి పొరబడేది అక్కడే. గడువు దాటినంత మాత్రాన శాంక్షన్ ఇచ్చేసినట్టు కాదు, కేసు కొట్టేసినట్టూ కాదు. ఆలస్యం చేసిన అధికారి జవాబు చెప్పుకోవాలి, అంతే.

వాదనలో జడ్జి గారు అసలు ఫైలు తెప్పించమన్నారు. తర్వాతి వాయిదాకు తెచ్చారు. నేను వెనక బెంచీ మీద ఉన్నాను. ఫైల్లో సెక్షన్ అధికారి రాసిన నోట్ ఉంది, ఏసీబీ నివేదిక సారాంశం ఉంది. విజిలెన్స్ కమిషన్ ప్రాసిక్యూషన్‌కు పోవాలని సలహా ఇచ్చిన లేఖ ఉంది. ఆ వెనుకే డీఈ పెట్టుకున్న విన్నపం ఉంది, అక్కడి నుంచి ఫైలు దిశ మారింది. ఆ విన్నపంలోని వాక్యాలే కొద్ది మార్పుతో ఉత్తర్వులోకి ఎక్కాయి. దాని మీద ఏసీబీ ఏమంటుందో అడగలేదు. విజిలెన్స్ కమిషన్ సలహా ఎందుకు వద్దనుకున్నారో ఒక్క కారణం రాయలేదు. "పని పెండింగ్‌లో లేదని రాశారు. బిల్లు సొరుగులో దొరికిందని రెండో మధ్యవర్తుల నివేదికలో ఉంది. దీన్ని ఎవరు చూశారు, ఎక్కడ చూశారు?" అని జడ్జి గారు అడిగారు. ప్రభుత్వ న్యాయవాది పేజీలు తిప్పాడు. ఫైల్లో ఆ నివేదిక ఉంది. చూసినట్టు రాసిన నోట్ లేదు.

"సమర్పించిన సామగ్రి అంతా జాగ్రత్తగా పరిశీలించి" అని ఉత్తర్వులో రాసినంత మాత్రాన పరిశీలించినట్టు కాదని నాకు అక్కడే తెలిసింది. ఆ వాక్యం ఇచ్చిన ఉత్తర్వుల్లోనూ ఉంటుంది, నిరాకరించిన వాటిలోనూ ఉంటుంది. ఎవరికైనా ఇలాంటి ఉత్తర్వు చేతికొస్తే ఆ వాక్యం వదిలేసి, ఏసీబీ పంపిన కాగితాల జాబితా పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ ఉత్తర్వులో ఎక్కడ కనిపిస్తుందో గుర్తు పెట్టుకుంటూ చదవండి. దేని గురించీ మాట లేకపోతే అక్కడ వాదన ఉంది.

2023 మొదట్లో తీర్పు వచ్చింది. నిరాకరణ రద్దు. మొత్తం సామగ్రి ముందు పెట్టుకుని, మూడు నెలల్లో, కోర్టు వ్యాఖ్యల ప్రభావం లేకుండా స్వతంత్రంగా కొత్త నిర్ణయం తీసుకోవాలి. ఆరోపణల బాగోగుల మీద తాము ఏమీ చెప్పడం లేదని స్పష్టంగా రాశారు. మా ఇంట్లో వాళ్లకు అర్థం కాలేదు. "గెలిచినవా, ఓడినవా?" అని మా నాయిన అడిగాడు. గెలిచామనే చెప్పాను, కానీ మళ్లీ వాళ్ల చేతికే పోయిందన్న భయం నాకూ ఉండింది.

ఆ మూడు నెలలు పూర్తి కావస్తుండగా శాంక్షన్ జీవో వచ్చింది. ఈసారి ఉత్తర్వు నాలుగు పేజీలుంది. ఫిర్యాదు నుంచి ల్యాబ్ రిపోర్టు దాకా చూసిన కాగితాలన్నీ వరసగా ఉన్నాయి. చేబదులు వాదన విచారణలో తేలాల్సిందని ఒక పేరా ఉంది, సొరుగులో దొరికిన బిల్లు గురించి ఒక పేరా ఉంది. ఏసీబీ పంపే ముసాయిదా ఉత్తర్వును యథాతథంగా టైపు చేసి సంతకం పెట్టారా అన్నది మేడం ప్రత్యేకంగా పోల్చి చూసింది. ముసాయిదా ఉండటం తప్పు కాదు. కానీ అందులోని అచ్చుతప్పులతో సహా దిగిపోతే, సంతకం పెట్టినాయన చదవలేదని అవతలివాళ్లు చూపించడం తేలిక. మాకొచ్చిన ఉత్తర్వు అలా లేదు. వరంగల్ ఏసీబీ ప్రత్యేక కోర్టులో ఛార్జిషీటు పడింది, కోర్టు కేసును స్వీకరించింది.

ఈసారి డీఈ హైకోర్టుకు పోయాడు. నిరాకరణను రివ్యూ చేసే కోర్టే ఇచ్చినదాన్నీ రివ్యూ చేస్తుంది, ఆ తలుపు ఇద్దరికీ ఒకటే. ఆయన వాదన నిశాంత్ సరీనే. అవే కాగితాల మీద ముందు వద్దన్నారు, ఇప్పుడు సరేనన్నారు, ఇది చెల్లదని. వినడానికి గట్టిగానే ఉంది. కానీ అక్కడ ప్రభుత్వం తన నిర్ణయాన్ని తానే మార్చుకుంది. ఇక్కడ మొదటి నిర్ణయాన్ని కోర్టు రద్దు చేసింది, దాంతో ఇది మొదటిసారి తీసుకున్న నిర్ణయంతో సమానమని కోర్టు తేల్చింది. అధికారి కాగితాలు మనసు పెట్టి చూడలేదన్న ఆయన రెండో వాదన మీద ఇప్పుడేమీ చెప్పలేమంది. శాంక్షన్ అసలే లేకపోవడం వేరు, ఉన్న శాంక్షన్‌లో లోపం ఉందనడం వేరు. రెండోది విచారణలో సాక్ష్యం మీద తేలాలని 2011లో దినేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దారినే పట్టుకున్నారు. పిటిషన్ కొట్టేశారు. ఆ వాదనను విచారణలో ఎత్తుకునే వీలు మాత్రం ఆయనకు ఉంచారు.

ఆ వీలు చిన్నదేం కాదు. శాంక్షన్ చెల్లదని విచారణ కోర్టే తేలిస్తే అప్పటిదాకా జరిగిన విచారణంతా లెక్కలోకి రాదు. నిర్దోషి అని తీర్పు కాదది, సరైన శాంక్షన్‌తో మళ్లీ మొదలుపెట్టొచ్చని నంజప్ప కేసులో 2015లో చెప్పారు. కానీ ఇన్నేళ్ల తర్వాత మళ్లీ మొదలంటే సాక్షులు ఎక్కడుంటారు, ఎవరికి ఏం గుర్తుంటుంది? అదే శిక్ష పడ్డాక అప్పీలులో అయితే లెక్క వేరు. శాంక్షన్‌లో లోపం వల్ల నిందితుడికి నిజంగా అన్యాయం జరిగిందని తేలితే తప్ప పై కోర్టు శిక్షను తిప్పకూడదని 19వ సెక్షన్‌లోనే ఉంది. అందుకే నిందితుల వకీళ్లు ఈ పాయింటును విచారణ కోర్టులోనే గట్టిగా లాగుతారు.

మా దగ్గరా లాగారు. నేను మొదటి సాక్షిని, నా సాక్ష్యం అయిపోయింది కాబట్టి తర్వాతివాళ్లవి విన్నాను. శాంక్షన్ గురించి చెప్పడానికి సచివాలయం నుంచి అధికారి వచ్చాడు. ఉత్తర్వు తనంతట తానే మాట్లాడేలా ఉంటే ఆ అధికారిని పిలవకపోయినా పరవాలేదని తీర్పులున్నాయి, అయినా మా ప్రాసిక్యూటర్ పిలిపించాడు. నిందితుడి వకీలు మెల్లగా మొదలుపెట్టాడు. ఫైలు మీ దగ్గర ఎన్ని రోజులుంది? ముందు వద్దన్నది మీ శాఖే కదా? మధ్యలో కొత్త ఆధారం ఏమొచ్చింది? ఏదీ రాలేదు కదా? అన్నిటికీ అవుననే జవాబు. తర్వాత అసలుది వేశాడు.

"హైకోర్టు ఆర్డర్ వచ్చినంక మీకు ఇయ్యక తప్పలేదు. అంతే కదా?"

"కాదు. మళ్లీ పరిశీలించమన్నారు. ఇయ్యమని చెప్పలేదు."

"ఇయ్యకుంటే కోర్టు ధిక్కారమైతదని భయపడ్డరు."

"గడువు దాటితే ధిక్కారం. నిర్ణయం ఏదైనా తీసుకోవచ్చు. ఆర్డర్‌లోనే రాసుంది."

ప్రాసిక్యూటర్ లేచి హైకోర్టు ఉత్తర్వులోని ఆ పేరా జడ్జి గారికి చూపించాడు. స్వతంత్రంగా, వ్యాఖ్యల ప్రభావం లేకుండా అన్న వాక్యం అక్కడ ఉంది. నిందితుడి వకీలు ఆ దారి వదిలేసి ఫోరెన్సిక్ రిపోర్టు తేదీల మీదికి పోయాడు. నేను తిరిగి మేడం వైపు చూశాను. ప్రేయర్‌లో ఇంకొక్క వాక్యం కలపమని నేను పట్టుబట్టిన రోజు ఆమె ఊ అని ఉంటే ఈ ప్రశ్నకు ఆ అధికారి దగ్గర జవాబు ఉండేది కాదు.

కొత్త చట్టం వచ్చాక శాంక్షన్ అడ్డు పోయిందని కొందరు నాతో అంటున్నారు. 2024 జూలై ఒకటి నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహితలో 218వ సెక్షన్ ప్రకారం 120 రోజుల్లో ప్రభుత్వం ఏదీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే భావించాలి. అది నిజం. కానీ అది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 197వ సెక్షన్ స్థానంలో వచ్చింది, విధి నిర్వహణలో చేశామని చెప్పుకునే నేరాలకు వర్తిస్తుంది. లంచం కేసుల్లోని 19వ సెక్షన్‌లో అలాంటి వాక్యం లేదు. అక్కడ గడువు దాటితే రిట్ వేయాల్సిందే. ఇప్పుడు లంచం కేసు పెట్టేవాళ్లు, ఏసీబీ ఫైలు ప్రభుత్వానికి ఏ తేదీన చేరిందో కనుక్కుని రాసి పెట్టుకోవాలి. నాలుగు నెలల లెక్క అక్కడి నుంచే.

మా కేసులో సాక్షుల విచారణ అయిపోయింది. ఆ పాత కోడ్ 313వ సెక్షన్ కింద కోర్టు నిందితుడిని ప్రశ్నించాల్సి ఉంది. చేబదులు ఇచ్చానన్న మాటకు ఆయన దగ్గర రాతపూర్వకంగా ఏమైనా ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది. ఆయన శిక్ష నుంచి తప్పించుకోవచ్చు కూడా, శాంక్షన్ రావడానికీ దోషి అని తేలడానికీ సంబంధం లేదు. తర్వాతి వాయిదా వచ్చే నెలలో ఉంది.